ఐసు ఫ్యాక్టరీకి బండా, కండెన్సరా? పేబ్యాక్, ఆర్ఓఐ, ఐఆర్ఆర్ తలా ఒక మాట చెబితే ఎవరి మాట వినాలి

ఈ ఎపిసోడ్‌లో ఒక మెషిన్ కొనడానికి ప్రపోజల్ ఎలా రాయాలో చూద్దాం. ప్రపోజల్ అంటే కంపెనీ బోర్డు మీటింగే అక్కర్లేదు. ఇంట్లో నాన్నను ఒప్పించాలన్నా, బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు ముందు కూర్చోవాలన్నా అదే లెక్క. "ఈ పది లక్షలు పెడితే మనకేం వస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ జవాబు చెప్పే పద్ధతులు మూడు: పేబ్యాక్ పీరియడ్, ఆర్ఓఐ, ఐఆర్ఆర్. తమాషా ఏమిటంటే, ఒకే పది లక్షల మీద ఈ మూడూ వేరు వేరు జవాబులు ఇవ్వగలవు.

ఉదాహరణకు మన నెల్లూరు సముద్ర తీరానికే పోదాం. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్తే రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలు కనిపిస్తాయి. రొయ్య పట్టుబడి రోజు ఐసు లేకపోతే గంటల్లో సరుకు పాడవుతుంది. అందుకని గుంటలు ఉన్నచోట ఐసు ఫ్యాక్టరీలు ఉంటాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీ అనుకుందాం. రోజుకు 20 టన్నుల కెపాసిటీ. కానీ ఏడాది పొడుగునా ఫుల్లుగా నడవదు. పట్టుబడులు లేని నెలలు ఉంటాయి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. కాబట్టి ఏడాదికి 5,000 టన్నుల ఐసు అమ్ముతుందని పెట్టుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మీ దగ్గర మీ అంకెలు వేసుకోండి.

ఫ్యాక్టరీ ఇద్దరు అన్నదమ్ములది. చేతిలో పది లక్షలు పెట్టే వీలుంది. రెండు ప్రపోజల్స్ ఉన్నాయి, ఒకటే కొనగలరు.

చిన్నాయన మాట: "ఒక సెకండ్ హ్యాండ్ బండి కొని, దాని మీద ఐసు క్రషర్ బిగిద్దాం. గుంట గట్టు దగ్గరికే పోయి దిమ్మ నలగ్గొట్టి ఇస్తే టన్నుకు ఎక్కువ రేటు వస్తుంది." నాన్న మాట: "పాత కండెన్సర్ పీకేసి కొత్తది పెడదాం, కరెంటు బిల్లు తగ్గుతుంది."

బండి సంగతి అందరికీ తెలిసిందే. కండెన్సర్ గురించి ఒక్క నిమిషం చెప్తాను, ఎందుకంటే ఆదా ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియకుండా లెక్క వేస్తే అది లెక్క కాదు. ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ అమ్మోనియా గ్యాసును నొక్కి పంపుతుంది. ఆ గ్యాసులోని వేడిని నీళ్లతో, గాలితో తీసేసి మళ్లీ ద్రవంగా మార్చేదే కండెన్సర్. తీరంలో బోరు నీళ్లు ఉప్పు, సున్నం. కొన్నేళ్లకు పైపుల మీద తెల్లగా పెచ్చు కడుతుంది. పెచ్చు కడితే వేడి సరిగా పోదు, ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు తాగుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఇంజినీరే రానక్కర్లేదు. హెడ్ ప్రెషర్ గేజ్ చూస్తే చాలు. అమ్మోనియా 35 డిగ్రీల దగ్గర ద్రవమైతే గేజ్ సుమారు 180 పీఎస్ఐ చూపిస్తుంది, 40 డిగ్రీల దగ్గరైతే సుమారు 210. ఒక్కో డిగ్రీ తగ్గితే కంప్రెసర్ కరెంటు దాదాపు రెండు మూడు శాతం తగ్గుతుంది. అంటే ఐదు డిగ్రీలకు 10 నుంచి 15 శాతం.

ఇప్పుడు డబ్బుల్లోకి మారుద్దాం. టన్ను ఐసుకు 55 యూనిట్లు అనుకుంటే 5,000 టన్నులకు 2,75,000 యూనిట్లు. అందులో 13 శాతం ఆదా అంటే దగ్గర దగ్గర 36,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే ఏడాదికి రెండున్నర లక్షలు. కొత్త కండెన్సర్ ఈ ఉప్పు గాలిలో ఎనిమిదేళ్లు నిలుస్తుందనుకుందాం.

బండి సంగతి వేరు. మొదటి ఏడాది డ్రైవరు జీతం, డీజిల్, రిపేర్లు పోను 5 లక్షలు మిగులుతుంది. రెండో ఏడాది పక్క ఫ్యాక్టరీ వాడు కూడా బండి కొంటాడు, కొనకుండా ఊరుకుంటాడా? రేటు తగ్గి 4.5 లక్షలు. తర్వాత ఉప్పు నీళ్లు కారి కారి బండి ఫ్లోరు తుప్పు పడుతుంది, మెకానిక్ షెడ్డు ఖర్చు పెరుగుతుంది. మూడో ఏడాది 3 లక్షలు, నాలుగో ఏడాది అమ్మగా వచ్చిన డబ్బుతో కలిపి 2 లక్షలు. అక్కడితో బండి కథ అయిపోయింది.

ముందుగా పేబ్యాక్. పెట్టిన పది లక్షలు ఎన్నాళ్లకు తిరిగి చేతికి వస్తాయి? అంతే ప్రశ్న. బండికి రెండేళ్లలో 9.5 లక్షలు వచ్చేశాయి, మిగతా అర లక్ష మూడో ఏడాది మొదటి రెండు నెలల్లో వస్తుంది. అంటే 2 సంవత్సరాల 2 నెలలు. కండెన్సర్‌కు 10 ని 2.5 తో భాగిస్తే 4 సంవత్సరాలు. చిన్నాయన గెలిచాడు.

తర్వాత ఆర్ఓఐ. మొత్తం వచ్చిందాంట్లోంచి పెట్టింది తీసేసి, పెట్టినదాంతో భాగించడం. బండి మొత్తం 14.5 లక్షలు తెచ్చింది, లాభం 4.5, అంటే 45 శాతం. కండెన్సర్ ఎనిమిదేళ్లలో 20 లక్షలు, లాభం 10, అంటే 100 శాతం. నాన్న గెలిచాడు. "ఎనిమిదేళ్లకు వందా, నాలుగేళ్లకు నలభై ఐదా, రెండింటినీ పక్క పక్కన ఎలా పెడతారు?" అని మీరు అడగొచ్చు, కరెక్టే. ఏడాదికి పంచితే బండి 11.25 శాతం, కండెన్సర్ 12.5 శాతం. ఇప్పటికీ నాన్నే ముందు, కానీ తేడా బాగా తగ్గిపోయింది. అందుకే ఎవరైనా అమ్మకాల ఏజెంటు "సార్, 100 శాతం ఆర్ఓఐ" అంటే ముందు అడగాల్సింది "ఎన్నేళ్లకు?" అని. ఏడాదికి పంచినా ఆర్ఓఐకి ఇంకో లోపం ఉంది. మొదటి ఏడాది వచ్చే 5 లక్షలకూ, ఎనిమిదో ఏడాది వచ్చే 5 లక్షలకూ అది తేడా చూడదు. వడ్డీకి డబ్బు తెచ్చినవాడికి ఆ తేడా బాగా తెలుసు.

ఆ తేడాను చూసేదే ఐఆర్ఆర్. పేరు చూసి భయపడొద్దు. మెషిన్‌కు మీరు అప్పు ఇచ్చారనుకోండి. పది లక్షలు ఇచ్చారు, అది ఏడాదికింత తిరిగి కడుతోంది. ఏ వడ్డీ రేటు వేస్తే ఆఖరి వాయిదాతో అప్పు సరిగ్గా సున్నా అవుతుందో, ఆ రేటే ఐఆర్ఆర్. బండికి 20 శాతం వేసి చూద్దాం, కాగితం మీదే అయిపోతుంది. పది లక్షలకు ఏడాది వడ్డీ 2 లక్షలు, మొత్తం 12. బండి 5 కట్టింది, బాకీ 7. దానికి వడ్డీ కలిపితే 8.4, కట్టింది 4.5, బాకీ 3.9. మళ్లీ వడ్డీతో 4.68, కట్టింది 3, బాకీ 1.68. నాలుగో ఏడాది వడ్డీతో 2 లక్షల పదహారు వందలు, కట్టింది 2 లక్షలు. పదహారు వందలు మిగిలిపోయాయి, అంటే రేటు 20 కి ఒక్క వెంట్రుక తక్కువ. 19.95 అనుకోండి. కండెన్సర్‌కు ఇదే పని చేస్తే 18.6 శాతం వస్తుంది. చిన్నాయన మళ్లీ గెలిచాడు.

ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉంటే ఇంత కష్టం కూడా అక్కర్లేదు. B2 లో పెట్టుబడి మైనస్‌తో, దాని కింద ఏడాదికొకటి చొప్పున వచ్చే డబ్బు రాయండి. బండికి నాలుగేళ్లు కాబట్టి B6 దాకా:

```
=IRR(B2:B6)
=NPV(12%,B3:B6)+B2
```

మొదటి అంకెకు మైనస్ పెట్టడం మర్చిపోతే `#NUM!` అని వస్తుంది. రెండో ఫార్ములా సంగతి ఇప్పుడే చెప్తాను. అందులో B2 ని బ్రాకెట్ లోపల కాకుండా బయట కలపాలి. లోపల పెడితే ఈరోజు పెట్టే పది లక్షలను కూడా ఏడాది తర్వాత పెట్టినట్టు లెక్క కడుతుంది.

ఇంతకీ ఆ రేట్లను దేనితో పోల్చాలి? మీకు డబ్బు ఎంత వడ్డీకి దొరుకుతోందో దాంతో. బ్యాంకు 12 శాతానికి ఇస్తే రెండు మెషిన్లూ దాటేశాయి. అయితే ఎక్కువ ఐఆర్ఆర్ ఉన్న బండే కొనేద్దామా? ఇక్కడే చాలామంది ఎంబీఏ చదివినవాళ్లు కూడా జారిపడతారు. ఇందాకటి బాకీ లెక్క గుర్తుందా? నాలుగో ఏడాది మొదట్లో బండిలో మిగిలిన మన డబ్బు 1.68 లక్షలే. 20 శాతం అనేది ఆ 1.68 లక్షల మీద వచ్చింది తప్ప, పది లక్షల మీద కాదు. మిగతా డబ్బు అప్పటికే చేతికొచ్చేసింది. ఆ డబ్బును మీరు ఎక్కడ పెట్టారో, ఎంత సంపాదిస్తోందో ఐఆర్ఆర్‌కు తెలియదు. కండెన్సర్ రేటు కాస్త తక్కువే, కానీ ఎక్కువ డబ్బు మీద ఎక్కువ కాలం పనిచేస్తుంది.

దాన్ని రూపాయల్లో చూపించేదే ఇందాకటి రెండో ఫార్ములా, ఎన్‌పీవీ. బ్యాంకుకు 12 శాతం కట్టేయగా, ఈరోజు విలువలో మనకు ఎంత మిగులుతుందో చెబుతుంది. బండికి 1.46 లక్షలు, కండెన్సర్‌కు 2.42 లక్షలు. అదిగో, నాన్న మళ్లీ ముందుకొచ్చాడు.

"అన్యాయం, నాలుగేళ్ల తర్వాత నేను ఇంకో బండి కొంటా కదా" అంటాడు చిన్నాయన. న్యాయమైన మాటే. అవే అంకెలతో రెండో బండిని కూడా కలిపితే ఎనిమిదేళ్లకు ఆయన ఎన్‌పీవీ 2.38 లక్షలు అవుతుంది. 2.42 కీ 2.38 కీ తేడా నాలుగు వేలు. కరెంటు అంచనాలో ఒక్క శాతం అటూ ఇటూ అయితే తారుమారైపోయే తేడా. అంటే నిజాయితీగా చెప్పాలంటే, అంతా అనుకున్నట్టు జరిగితే రెండూ సమానం.

మరి అనుకున్నట్టు జరగకపోతే? నా దృష్టిలో ప్రపోజల్‌లో అసలైన పేజీ ఇదే, చాలామంది రాయని పేజీ కూడా ఇదే. రొయ్యల మీద బతికే వ్యాపారంలో ఒక సంవత్సరం దెబ్బతినడం అరుదైన సంగతేం కాదు. తెల్లమచ్చ వైరస్ వచ్చిందంటే రైతులంతా ఒకేసారి పట్టేస్తారు. ఆ కొద్ది రోజులు ఐసుకు గిరాకీ ఎగబడుతుంది, ఆ తర్వాత గుంటలు ఎండబెట్టేస్తారు, నెలల తరబడి ఐసు అడిగేవాడుండడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు పరిస్థితి చూశాం. మన రొయ్యకు పెద్ద మార్కెట్ అదే.

కాబట్టి మొదటి ఏడాదే గిరాకీ సగమైందనుకుందాం. బండి ఆదాయం 5 బదులు 2.5 లక్షలు. ఐసు సగమే తయారైతే కరెంటు ఆదా కూడా సగమే, కాబట్టి కండెన్సర్‌కు 2.5 బదులు 1.25. మిగతా ఏళ్లు మామూలే. పేబ్యాక్ చూస్తే బండికి 3 ఏళ్లు, కండెన్సర్‌కు నాలుగున్నర ఏళ్లు. పేబ్యాక్ ఇంకా "బండే" అంటోంది. కానీ ఐఆర్ఆర్ చూడండి. బండిది 19.95 నుంచి 8.1 కి పడిపోయింది. బ్యాంకు వడ్డీ 12. అంటే అసలు తిరిగొచ్చింది కానీ వడ్డీలో కొంత మన జేబులోంచి పోయింది. కండెన్సర్‌ది 18.6 నుంచి 15.4 కి తగ్గింది, ఇంకా బ్యాంకు వడ్డీ కంటే పైనే ఉంది.

కారణం సింపుల్. బండి సంపాదనలో మూడో వంతు మొదటి ఏడాదిలోనే ఉంది. ఆ ఏడాది దెబ్బతింటే తర్వాత పూడ్చుకోవడానికి ఏళ్లు లేవు. నిజానికి నేను బండి మీద కాస్త దయ చూపించాను. గిరాకీ లేకపోయినా డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు ఆగవు, కాబట్టి మిగులు సగం కంటే ఎక్కువే పడిపోతుంది. పేబ్యాక్‌కు ఇవేవీ కనపడవు. పది లక్షలు తిరిగొచ్చిన మరుసటి రోజు నుంచి అది కళ్లు మూసుకుంటుంది.

ఇలా అన్నానని పేబ్యాక్‌ను పారేయొద్దు. అది చెప్పే సంగతి మిగతా రెండూ చెప్పవు. నాన్న కండెన్సర్ కోసం పది లక్షలు 12 శాతానికి ఐదేళ్ల లోను తీసుకున్నాడనుకోండి. నెలకు ఈఎంఐ సుమారు 22,250. ఏడాదికి 2.67 లక్షలు. కండెన్సర్ ఆదా చేసేది 2.5 లక్షలు. మంచి మెషినే, ఐఆర్ఆర్ 18.6 శాతమే, అయినా ఐదేళ్ల పాటు ఏటా 17 వేలు ఎదురు కట్టాలి. దెబ్బతిన్న ఏడాదైతే లక్షా నలభై వేల పైనే. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో ముందే అనుకోకపోతే, మంచి మెషిన్ కొని కూడా వాయిదా తప్పుతారు. పేబ్యాక్ నాలుగేళ్లని తెలిసినప్పుడే ఐదేళ్ల లోను బిగుతుగా ఉంటుందని అనుమానం రావాలి. ఏడేళ్లు అడగాలి, లేదా సొంత డబ్బు కొంత పెట్టి తక్కువ లోను తీసుకోవాలి. ఇంకోటి, ఈఎంఐ నెల నెలా కట్టాలి, ఆదా మాత్రం పట్టుబడుల సీజన్‌లోనే వస్తుంది. వేట నిషేధం ఉన్న రెండు నెలల ఈఎంఐ మార్చిలోనే పక్కన పెట్టుకోవాల్సిందే.

ఈ లెక్కలన్నిట్లో ఒక పొరపాటు తరచుగా దొర్లుతుంది. ఏడాది వారీ డబ్బు రాసేటప్పుడు లోను వడ్డీని అందులోంచి తీసేస్తారు, తర్వాత ఐఆర్ఆర్‌ను మళ్లీ అదే వడ్డీతో పోలుస్తారు. వడ్డీ రెండుసార్లు కట్టినట్టయింది, మంచి ప్రపోజల్ కూడా చచ్చిపోతుంది. తరుగుదల కూడా తీయొద్దు, అది పుస్తకంలో రాసే ఖర్చే తప్ప చేతిలోంచి పోయే డబ్బు కాదు. పన్ను లెక్కలో అది పనికొస్తుంది, కానీ అది మీ ఆడిటరు చూసుకునే పని.

ఇప్పటిదాకా చూస్తే కండెన్సరే మేలనిపిస్తోంది కదా. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ బ్యాంకులో కాస్త అనుభవం ఉన్న ఆఫీసరు ఉంటే ఒక ప్రశ్న అడుగుతాడు: "పాత కండెన్సర్‌ను శుభ్రం చేయించారా?"

చూడండి, మనం రెండున్నర లక్షల ఆదా అన్నది దేనితో పోల్చి? పెచ్చు కట్టి, ఏళ్ల తరబడి పట్టించుకోని కండెన్సర్‌తో పోల్చి. ఏడాదికి 40 వేలు పెట్టి దానికి కెమికల్ వాష్ చేయిస్తే, పోయిన కరెంటులో సగం వెనక్కి వస్తుందనుకోండి. అప్పుడు కొత్త కండెన్సర్ అదనంగా ఆదా చేసేది మిగతా సగం, అంటే 1.25 లక్షలు. ఆ వాష్ ఖర్చు 40 వేలు కూడా మిగులుతుంది కాబట్టి మొత్తం 1.65 లక్షలు. పేబ్యాక్ ఆరేళ్లు దాటింది. ఆర్ఓఐ 100 నుంచి 32 శాతానికి వచ్చింది. ఐఆర్ఆర్ 6.6 శాతం, బ్యాంకు వడ్డీలో సగమే. మెషిన్ అదే, ధర అదే. పోల్చిన వస్తువు మారింది, అంతే.

అందుకే ఫోన్‌లో షీట్ తెరవకముందే నాన్న చేయాల్సిన పని ఒకటుంది. అమ్మోనియా పని తెలిసిన మెకానిక్‌ను పిలిచి పైపులు చూపించాలి. పైపు గోడ పల్చబడి, తుప్పు గుంటలు పడి ఉంటే వాష్ తట్టుకోవు, చిల్లు పడితే అమ్మోనియా లీకు, అది ప్రాణాల మీదకు వచ్చే వ్యవహారం. అప్పుడు వాష్ అనే దారే లేదు, రెండున్నర లక్షల లెక్కే నిలబడుతుంది. మెకానిక్ చెప్పింది కాగితం మీద రాయించి, ఏ రోజు ఏ టైముకు హెడ్ ప్రెషర్ ఎంత ఉందో ఒక నెల రీడింగులు, పన్నెండు నెలల కరెంటు బిల్లులు ప్రపోజల్‌కు జత చేయాలి. పైపులు గట్టిగానే ఉన్నాయని తేలిందా, ఈ సీజన్‌కు 40 వేలతో వాష్ చేయించి, గేజ్ ఎంత దిగిందో చూసి, అప్పుడు ఆ కొత్త అంకెతో లెక్క మళ్లీ వేయాలి. ఆ లోపల చిన్నాయన బండి అంకెలు కూడా ఒకసారి సరిచూసుకోవచ్చు. ముఖ్యంగా ఆ మొదటి ఏడాది 5 లక్షలు. గుంట దగ్గరికి ఐసు తెప్పించుకునే రైతులు ఎంతమంది, టన్నుకు ఎంత ఎక్కువ ఇస్తారు అన్నది నలుగురు రైతులను అడిగితే తెలిసిపోతుంది.